టైమౌట్ వచ్చిన పాల బిల్లులు రెండుసార్లు జమ అయ్యాయి: మళ్లీ పంపే ముందు ఏం తేల్చుకోవాలి?

పాలకేంద్రం_కోడర్ (సోమవారం, ఉదయం 9:12)

అందరికీ నమస్కారం. మేము ఒక పాల ఉత్పత్తిదారుల సంఘానికి బిల్లుల సాఫ్ట్‌వేర్ చూస్తున్నాం. పాలు పోసే రైతులకు పది రోజులకొకసారి వెన్న శాతాన్ని బట్టి లెక్కకట్టిన సొమ్మును ఒక పేమెంట్ ప్రొవైడర్ ఏపీఐ ద్వారా ఐఎంపీఎస్‌లో వారి ఖాతాలకు పంపుతాం. మొన్నటి బిల్లులో 412 మందికి పంపవలసి ఉండగా, 37 మంది విషయంలో 30 సెకన్లు గడిచినా జవాబు రాలేదు. మా ప్రోగ్రాము వాటిని విఫలమైనట్టు లెక్కేసుకుని వెంటనే మళ్లీ పంపింది. సాయంత్రానికి చూస్తే 31 మందికి రెండుసార్లు జమ అయింది. నలుగురికి మొదటిది నిజంగానే విఫలమై రెండోది చేరింది. మిగిలిన ఇద్దరికి రెండోది చేరినప్పటికీ మొదటిది ఇప్పటికీ "ప్రాసెసింగ్" అనే చూపిస్తోంది. అదనంగా వెళ్లిన సొమ్ము 1,86,420 రూపాయలు.

ఒక సభ్యురాలి లావాదేవీని లాగ్‌లో వరుసగా చూశాను. 6,318 రూపాయల బిల్లుకు 10:42:07కి మొదటి అభ్యర్థన వెళ్లింది. 10:42:37కి మా వైపు టైమౌట్ అయింది. 10:42:38కి రెండో అభ్యర్థన వెళ్లింది. 10:42:48కి మొదటిది, 10:43:02కి రెండోది ఆమె ఖాతాలో పడ్డాయి. రెండింటికీ వేర్వేరు ఆర్‌ఆర్‌ఎన్‌లు, అంటే బ్యాంకు లావాదేవీ నంబర్లు, ఉన్నాయి. అంటే మేము విఫలమైందని అనుకున్న పదకొండు సెకన్లకు ఆ చెల్లింపు చక్కగా పూర్తయింది.

మళ్లీ పంపే భాగం ఇలా ఉంది:

```python
for i in range(3):
    key = str(uuid.uuid4())
    try:
        return api.create_payout(key, bill, timeout=30)
    except Timeout:
        continue
mark_failed(bill)
```

వచ్చే బిల్లుకు ఇంకా ఆరు రోజుల గడువు ఉంది. ఈలోగా దీన్ని ఎలా సరిచేయాలో, అదనంగా వెళ్లిన డబ్బు సంగతి ఏమిటో తెలిసినవారు చెప్పగలరు. ఇకపై టైమౌట్ వస్తే రెండో ప్రొవైడర్ ద్వారా పంపుదామని మావారొకరు సూచిస్తున్నారు. దానిపై కూడా మీ అభిప్రాయం కావాలి.

---

సర్వర్_సాంబ (సోమవారం, ఉదయం 9:40)

ఇందులో పెద్ద సమస్యేమీ లేదు. మీరే చెప్పినట్టు ఆ చెల్లింపు 41 సెకన్లకు పూర్తయింది, మీరు 30 సెకన్లకే వదిలేశారు. టైమౌట్‌ను 120 సెకన్లు చేయండి. మా దగ్గర కూడా ఇలాగే ఉండేది, పెంచిన తరువాత ఫిర్యాదులు దాదాపుగా ఆగిపోయాయి.

---

లెడ్జర్_లలిత (సోమవారం, ఉదయం 10:25)

సాంబ గారూ, "దాదాపుగా" అన్న ఆ మాటలోనే చిక్కంతా ఉంది. 120 సెకన్లు పెట్టినా 121వ సెకనులో పూర్తయ్యేది ఒకటి ఉంటుంది. పైగా జవాబు రాకపోవడానికి ఆలస్యం ఒక్కటే కారణం కాదు. ప్రొవైడర్ పని పూర్తిచేసి జవాబు పంపాక దారిలో కనెక్షన్ తెగిపోయినా, మీ సర్వరే మధ్యలో రీస్టార్ట్ అయినా, ఎన్ని సెకన్లు ఆగినా ఆ జవాబు మీకు అందదు. కాలాన్ని పెంచితే ఇలాంటివి తగ్గుతాయి కానీ, వచ్చిన ఒక్కదాన్ని ఏం చేయాలన్న ప్రశ్న అలాగే మిగిలిపోతుంది.

కోడర్ గారూ, నేను చాలా ఏళ్లు ఒక బ్యాంకు స్విచ్ విభాగంలో సరిపోల్చే పనిలో ఉన్నాను. మీ కోడ్‌లో రెండు తప్పులు కనిపిస్తున్నాయి. వాటిలో చిన్నదాన్నే ఎక్కువమంది ముందు పట్టుకుంటారు. ఐడెంపొటెన్సీ కీని లూప్ లోపల తయారుచేయడం ఆ చిన్న తప్పు. ప్రతిసారీ కొత్త కీ వెళ్తే ప్రొవైడర్ దృష్టిలో అవి మూడు వేర్వేరు చెల్లింపులు. మీ బిల్లు ఒక్కటేనన్న సంగతి వారికి తెలిసే దారి లేదు.

పెద్ద తప్పు చివరి వరుసలో ఉంది. టైమౌట్ అంటే విఫలం కాదు. "నాకు తెలియదు" అని మాత్రమే దాని అర్థం. మీ టేబుల్‌లో విఫలం, సఫలం అనే రెండే స్థితులు ఉంటే, తెలియనిదాన్ని ఏదో ఒకదానిలో వేయక తప్పదు, అప్పుడు అందరూ విఫలంలోనే వేస్తారు. అందుచేత ముందుగా మూడో స్థితి కావాలి. అది వచ్చిన బిల్లుకు, దాని సంగతి ఆధారంతో తేలేదాకా, మరో చెల్లింపు బయలుదేరకూడదు. రెండో ప్రొవైడర్ ఆలోచనను మాత్రం ప్రస్తుతానికి పక్కన పెట్టండి, దాని గురించి తీరిగ్గా రాస్తాను.

---

కోడ్‌గోదావరి (సోమవారం, ఉదయం 11:05)

లలిత గారు చెప్పిన చిన్న తప్పు సరిచేసుకుంటే పెద్ద తప్పు దానంతట అదే పోతుందని నా అభిప్రాయం. కీని లూప్ బయటికి తీసి బిల్లు నంబరుతో ముడిపెట్టండి. అదే కీతో పదిసార్లు పంపినా ప్రొవైడర్ ఒక్కసారే చెల్లిస్తాడు, మిగతా తొమ్మిదిసార్లు మొదటి జవాబునే తిరిగి ఇస్తాడు. ఐడెంపొటెన్సీ ఉన్నదే అందుకు. దీనికి మూడో స్థితులూ సరిపోల్చడాలూ ఎందుకు? నాలుగు వరుసల పనికి నలభై వరుసలు రాయించకండి.

---

డాలస్_రవళి (సోమవారం, రాత్రి 8:50)

గోదావరి గారి మాట సగం వరకు సరైనదే, ఆ సగం విలువైనది కూడా. నేను ఇక్కడ స్ట్రైప్‌తో రోజూ పనిచేస్తాను కాబట్టి అక్కడి నియమాలు చెబుతాను. మీ ప్రొవైడర్ దగ్గర ఇవే ఉంటాయని అనుకోకుండా వారి పత్రాల్లో చూసుకోండి.

అదే కీతో మళ్లీ పంపితే మొదటి జవాబే వస్తుంది, నిజమే. కానీ ఆ మొదటి జవాబు సర్వర్ లోపాన్ని చూపే 500 ఎర్రర్ అయితే, మళ్లీ పంపినప్పుడు కూడా అదే 500 వస్తుంది. అంటే కీ రెండో చెల్లింపును అడ్డుకుంటుందే తప్ప, మొదటి చెల్లింపు ఏమైందో ప్రతిసారీ చెప్పదు. రెండోది, కీలకు ఆయుష్షు ఉంటుంది. అవి కనీసం 24 గంటలు నిలిచాక తొలగిపోవచ్చు. శుక్రవారం సాయంత్రం టైమౌట్ అయినదాన్ని సోమవారం ఉదయం ఎవరో "రీట్రై" నొక్కితే, అదే కీ అయినా అది కొత్త చెల్లింపే కావచ్చు. మూడోది, కీ అదే ఉండి లోపలి వివరాలు మారితే తప్పు చూపి వెనక్కి పంపుతుంది. కోడర్ గారూ, మీరు పంపే వివరణ గడిలో ఏం రాస్తున్నారు?

---

పాలకేంద్రం_కోడర్ (సోమవారం, రాత్రి 9:30)

రవళి గారూ, మీరు అడిగాక తెరిచి చూసి తల పట్టుకున్నాను. వివరణ గడిలో బిల్లు నంబరు పక్కన పంపే సమయాన్ని కూడా కలుపుతున్నాం. కీ మార్చకుండా పంపి ఉంటే ప్రతి రెండో ప్రయత్నమూ వివరాలు సరిపోలలేదన్న తప్పుతో తిరిగి వచ్చేది. మా వాళ్లు ఆ తప్పును తప్పించుకోవడానికే ఒకప్పుడు కీని లూప్ లోపలికి మార్చారని ఇప్పుడు పాత కమిట్ సందేశంలో కనిపించింది.

---

కిరాణా_శ్రీనివాస్ (మంగళవారం, ఉదయం 7:45)

మా దుకాణంలో ఇదే గొడవ. గత నెల ఒకాయన 1,240 రూపాయల సరుకు తీసుకుని క్యూఆర్ కోడ్ స్కాన్ చేశారు. ఆయన ఫోన్‌లో డబ్బు కట్ అయినట్టు సందేశం వచ్చింది, మా సౌండ్‌బాక్స్ మాత్రం పలకలేదు. నేను నమ్మలేదు, ఆయన పాపం నగదు ఇచ్చి వెళ్లారు. రెండో రోజు ఆ యూపీఐ డబ్బు కూడా నా ఖాతాలో పడింది. ఆయన ఊరికి కొత్త, ఇంతవరకూ మళ్లీ రాలేదు. ఇలాంటప్పుడు సౌండ్‌బాక్స్ కంపెనీ మీద ఫిర్యాదు ఎక్కడ చేయాలో చెప్పండి.

---

లెడ్జర్_లలిత (మంగళవారం, ఉదయం 9:00)

శ్రీనివాస్ గారూ, ఇక్కడి చర్చ ప్రోగ్రాము వైపు నుంచి జరుగుతోంది, కానీ మీకు జరిగింది అచ్చంగా అదే. మీ సౌండ్‌బాక్స్ పలకకపోవడమే టైమౌట్, ఆయన నగదు ఇవ్వడమే రీట్రై. ఫిర్యాదు కంటే ముందు, ఇలాంటప్పుడు ఆయన ఫోన్‌లో కనిపించే 12 అంకెల ఆర్‌ఆర్‌ఎన్‌ను రాసుకుని, ఫోన్ నంబరు కూడా తీసుకోండి. నగదు తీసుకున్నా తరువాత తిరిగి ఇవ్వడానికి మనిషి దొరుకుతాడు. మీ యాప్ సహాయ విభాగంలో ఆ నంబరు చెబితే వారు వెతికి చెప్పగలరు.

ఇక గోదావరి గారి ప్రశ్నకు వస్తాను. ఒకే ప్రొవైడర్, కీ ఇంకా చెల్లుబాటులో ఉంది, పంపే వివరాల్లో అక్షరం మారలేదు, వారు కీని నిజంగా పాటిస్తారని పత్రాల్లో రాసి ఉంది, ఈ నాలుగూ ఉంటే అదే కీతో మళ్లీ పంపడాన్ని నేను తప్పుపట్టను. అప్పుడు ఆ రెండో అభ్యర్థన కొత్త చెల్లింపు కాదు, పాత చెల్లింపు గురించి వాకబు చేయడమే. కానీ వారి కీ వారి గుమ్మం వరకే పనిచేస్తుంది. ప్రొవైడర్ నుంచి బ్యాంకుకు, బ్యాంకు నుంచి ఎన్‌పీసీఐ స్విచ్‌కు, అక్కడి నుంచి రైతు బ్యాంకుకు అభ్యర్థన వెళ్తుంది. ఆ దారిలో ఏ అడుగులోనైనా టైమౌట్ రావచ్చు. అప్పుడు ప్రొవైడర్‌కు కూడా ఫలితం తెలియదు. మీకు "ప్రాసెసింగ్" అని చూపిస్తున్న ఆ రెండు లావాదేవీలు బహుశా అటువంటివే.

రెండో ప్రొవైడర్ ప్రమాదం కూడా ఇక్కడే ఉంది. మొదటివారి దగ్గర ఫలితం తెలియని స్థితిలో ఉండగా రెండోవారి ద్వారా పంపితే, మీ కీ అక్కడ ఎందుకూ కొరగాదు, ఎందుకంటే మొదటివారి పుస్తకం రెండోవారికి కనిపించదు. అభ్యర్థన మొదటివారికి అసలు చేరలేదని రుజువైతేనే దారి మళ్లించాలి.

---

కోడ్‌గోదావరి (మంగళవారం, ఉదయం 10:10)

రెండో ప్రొవైడర్ సంగతిలో మీ మాట ఒప్పుకుంటున్నాను, నేను ఒక్కరినే ఊహించుకుని రాశాను. అయితే చేరలేదని రుజువు చేయడం అంత కష్టమేమీ కాదు. టైమౌట్ వచ్చాక స్టేటస్ ఏపీఐని అడిగితే "దొరకలేదు" అని వస్తుంది. అలా వస్తే చేరనట్టే కదా, ధైర్యంగా మళ్లీ పంపవచ్చు.

---

లెడ్జర్_లలిత (మంగళవారం, ఉదయం 11:20)

సరిగ్గా ఆ ధైర్యంతోనే నేను చూసినవాటిలో అతి పెద్ద డబుల్ చెల్లింపు జరిగింది. అభ్యర్థన ప్రొవైడర్ ముందు గుమ్మంలో వరుసలో నిలబడి ఉంది, ఇంకా వారి డేటాబేస్‌లో నమోదు కాలేదు. స్టేటస్ ప్రశ్న మరో సర్వర్‌కు వెళ్లింది, అక్కడ ఆ నంబరు లేదు కాబట్టి 404 వచ్చింది. ప్రోగ్రాము కొత్తది పంపింది. కొన్ని సెకన్ల తరువాత వరుసలో ఉన్న పాతది కూడా కదిలింది. స్టేటస్ ప్రశ్నను రెప్లికా డేటాబేస్ నుంచి చదివి జవాబిచ్చే చోట్ల కూడా ఇదే జరుగుతుంది.

అందుచేత "దొరకలేదు" అన్నది ఎంతసేపటి తరువాత వస్తే నమ్మవచ్చో ప్రొవైడర్ దగ్గర రాతపూర్వకంగా తీసుకోవాలి. "ఒక అభ్యర్థన మా దగ్గర గరిష్ఠంగా ఇంతసేపే వరుసలో ఉంటుంది, ఆ తరువాత దాన్ని పారేస్తాం" అని వారు చెప్పగలిగితే, ఆ కాలం దాటాక వచ్చే 404 రుజువు అవుతుంది. చెప్పలేకపోతే అది ఇంకా "తెలియదు" కిందికే వస్తుంది.

ఏ టైమౌట్ అన్నది కూడా చూడాలి. మీరు పైథాన్‌లో `requests` వాడుతుంటే `ConnectTimeout`, `ReadTimeout` వేరు. కనెక్షనే కుదరకపోతే అభ్యర్థన బయలుదేరనే లేదు కాబట్టి మళ్లీ పంపడం క్షేమమని ఆ లైబ్రరీ పత్రాల్లోనే ఉంది. చదవడంలో టైమౌట్ అయితే అభ్యర్థన వెళ్లిపోయింది. మధ్యలో మీ ప్రాక్సీ ఏదైనా ఉంటే మాత్రం ఈ తేడాను నమ్మకండి. మీకు కనెక్షన్ కుదిరింది ప్రాక్సీతో, దాని అవతల ఏమైందో మీకు తెలియదు. ప్రాక్సీ ఇచ్చే 502, 504 జవాబులను కూడా ఫలితం తెలియనివాటిలోనే వేయండి.

---

జమాఖర్చు_వెంకట్రావు (మంగళవారం, మధ్యాహ్నం 2:15)

నాకు కోడ్ రాదు, లెక్కల మనిషిని. నిత్యం బ్యాంకు స్టేట్‌మెంటునూ ప్రొవైడర్ పంపే ఫైలునూ దగ్గర పెట్టుకుని టిక్కులు పెట్టుకునేవాడిని. నా అనుభవంలో ఒక జాగ్రత్త చెబుతాను. రాత్రి 11:58కి బయలుదేరిన చెల్లింపు ఆ రోజు ఫైలులో కనిపించదు, మరుసటి రోజు ఫైలులో వస్తుంది. మా ఆఫీసులో కొత్తగా చేరిన అబ్బాయి ఆ రోజు ఫైలులో లేనివన్నీ విఫలమని రాసి ఉదయాన్నే మళ్లీ పంపించాడు. పదకొండు గంటలకల్లా కొత్త ఫైలు వచ్చింది, అందులో అవన్నీ ఉన్నాయి. అప్పటి నుంచి మేము రెండు రోజుల ఫైళ్లను కలిపి చూడనిదే ఏదీ కొట్టివేయం.

మరో మాట. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం ఐఎంపీఎస్‌లో ఖాతా నుంచి డబ్బు వెళ్లి అవతల జమ కాకపోతే మరుసటి రోజులోగా వెనక్కి రావాలి, ఆ తరువాత రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. కాబట్టి ఒక రోజు ఆగి, వెనక్కి రాకపోతే చేరిపోయిందని రాసుకోవచ్చు. మేము అలాగే చేస్తాం.

---

లెడ్జర్_లలిత (మంగళవారం, సాయంత్రం 4:40)

వెంకట్రావు గారూ, మీ మొదటి మాటను కోడర్ గారు గోడ మీద రాసుకోవాలి. రెండో మాటలో మాత్రం చిన్న సవరణ చేయాలి. ఆ గడువు బ్యాంకులు పాటించవలసిన బాధ్యత, జరిగినదానికి సాక్ష్యం కాదు. గడువు దాటాక కూడా వెనక్కి వచ్చేవి ఉంటాయి కాబట్టే పరిహారం గురించి రాశారు. ఒక రోజు గడిచినంత మాత్రాన చేరిందనీ రాయకూడదు, చేరలేదనీ రాయకూడదు. గడువు దాటిందంటే మనం ఫిర్యాదు చేయవలసిన సమయం వచ్చిందని అర్థం.

అవతలి బ్యాంకు జమ చేసిందో లేదో సకాలంలో చెప్పనప్పుడు ఆ లావాదేవీని స్విచ్‌లో "డీమ్డ్" అంటారు. అంటే జమ అయినట్టుగా భావించి సెటిల్ చేస్తారు, ఆ తరువాత రైతు బ్యాంకు తన పుస్తకం చూసుకుని, జమ చేసి ఉంటే ధ్రువీకరణ, చేయకపోతే రిటర్న్ పంపుతుంది. మీకు "ప్రాసెసింగ్" అని కనిపించే కాలమంతా వెనుక నడిచే కథ ఇదే. ఆ సమయంలో మీ స్టేట్‌మెంటులో డెబిట్ ఉంటుంది. డెబిట్ ఉంది కాబట్టి చెల్లింపు పూర్తయిందని అనుకోవడం కూడా తొందరపాటే.

---

పాలకేంద్రం_కోడర్ (మంగళవారం, రాత్రి 10:05)

ఇప్పటివరకు అర్థమైనంతలో కొత్త పద్ధతి రాశాను. బిల్లుకు ఒక టేబుల్, ఆ బిల్లు మీద చేసే ప్రతి ప్రయత్నానికి వేరే టేబుల్. అభ్యర్థన పంపకముందే కీని, పంపబోయే వివరాలను యథాతథంగా రాసి కమిట్ చేస్తాను, మధ్యలో సర్వర్ పడిపోయినా లేచాక ఏం పంపామో తెలుస్తుంది. టైమౌట్ వస్తే `UNKNOWN`. ఒక బిల్లుకు ఒకే సమయంలో రెండు ప్రయత్నాలు బతికి ఉండకుండా పోస్ట్‌గ్రెస్‌లోనే కాపలా పెట్టాను:

```sql
CREATE UNIQUE INDEX one_live_attempt
ON payout_attempts (bill_id)
WHERE state <> 'FAILED';
```

పాత ప్రయత్నం ఆధారంతో `FAILED` అయ్యేదాకా కొత్త వరుసను డేటాబేసే రానివ్వదు. కోడ్‌లో ఎవరు ఏ పొరపాటు చేసినా ఇక్కడ ఆగుతుందని నా ఆశ.

---

డాలస్_రవళి (బుధవారం, ఉదయం 6:30)

ఇండెక్స్ ఆలోచన నాకు నచ్చింది. ఒక రేస్ గురించి చెబుతాను. మీరు చూపిన లావాదేవీలో 10:42:37కి టైమౌట్ వచ్చింది, 10:42:48కి పూర్తయింది. ఆ పూర్తయిన సమాచారం వెబ్‌హుక్‌గా మరో ప్రాసెస్‌కు వస్తుంది. టైమౌట్‌ను రాసుకునే కోడ్ ఏదో కారణంగా పది పన్నెండు సెకన్లు ఆలస్యమైతే, వెబ్‌హుక్ రాసిన `PAID` మీద అది `UNKNOWN` అని తిరగరాస్తుంది. అందుకే స్థితిని ఎప్పుడూ షరతుతో మార్చండి:

```sql
UPDATE payout_attempts SET state = 'UNKNOWN'
WHERE id = $1 AND state = 'SENT';
```

సున్నా వరుసలు మారితే ఎవరో ముందే తేల్చేశారని అర్థం, మీరు నిశ్శబ్దంగా తప్పుకోండి.

---

జమాఖర్చు_వెంకట్రావు (బుధవారం, ఉదయం 9:20)

కోడ్ అర్థం కాకపోయినా ఒక సందేహం. చేరిందని రాసుకున్నది మూడో రోజున వెనక్కి వస్తుంది, ఖాతా నంబరు మూతపడిందనో మరొకటో కారణం చెబుతారు. అప్పుడు మీ కాపలావాడు ఆ రైతుకు మళ్లీ పంపనిస్తాడా?

---

పాలకేంద్రం_కోడర్ (బుధవారం, ఉదయం 9:55)

పంపనివ్వడు. మంచి ప్రశ్న అడిగారు. `REVERSED` అనే స్థితిని కలిపి, షరతును `state NOT IN ('FAILED', 'REVERSED')` అని మారుస్తున్నాను. అయితే వెనక్కి వచ్చిన సొమ్ము మా స్టేట్‌మెంటులో క్రెడిట్‌గా కనిపించి, దాని ఆర్‌ఆర్‌ఎన్ అసలు డెబిట్‌తో సరిపోలాకే ఆ స్థితి రాయాలని మా అకౌంటెంట్ పట్టుబడుతున్నారు. ఆమె మాటే సరైనదనిపిస్తోంది.

ఇంకొక సందేహం. `UNKNOWN` స్థితిలో ఉన్నవాటి గురించి స్టేటస్ ఏపీఐని ఎంత తరచుగా అడగాలి? ప్రతి ఐదు సెకన్లకు అడిగేలా రాశాను.

---

లెడ్జర్_లలిత (బుధవారం, ఉదయం 11:30)

ఐదు సెకన్లకొకసారి వద్దు. 2025 ఏప్రిల్ 12న యూపీఐ కొన్ని గంటలపాటు తడబడినప్పుడు, బ్యాంకుల నుంచి వెల్లువలా వచ్చిన స్టేటస్ ప్రశ్నలే అందుకు కారణమని తేలింది. పాత లావాదేవీల గురించి కూడా పదేపదే అడిగారు. ఆ తరువాత ఎన్‌పీసీఐ ఒక లావాదేవీకి రెండు గంటల్లో మూడుసార్లకు మించి అడగవద్దని బ్యాంకులకు పరిమితి పెట్టింది. అది యూపీఐ బ్యాంకులకు చెప్పిన మాట, మీ ఐఎంపీఎస్ ప్రొవైడర్ పరిమితి వేరుగా ఉండవచ్చు. కానీ దాని వెనుక ఉన్న లెక్క మీకూ వర్తిస్తుంది. టైమౌట్లు ఎక్కువగా వచ్చేది అవతలి వ్యవస్థ అలసిపోయినప్పుడే. అప్పుడే మీ ప్రశ్నలు కూడా ఎక్కువైతే దాన్ని మరింత కుంగదీస్తారు.

నేనైతే మొదటి ప్రశ్న ఒకటిన్నర నిమిషానికి, రెండోది పది నిమిషాలకు, మూడోది గంటన్నరకు వేస్తాను. ఈలోపు వెబ్‌హుక్ వస్తే ఆ ప్రశ్నల అవసరమే ఉండదు. అప్పటికీ తేలకపోతే మరుసటి రోజు ఫైలులో చూడాలి, ఆ తరువాత మనిషి చేతికి అప్పగించాలి. పది రోజులకొకసారి ఇచ్చే బిల్లుకు రెండు గంటల నిరీక్షణ పెద్దది కాదు.

---

పాలకేంద్రం_కోడర్ (బుధవారం, మధ్యాహ్నం 1:10)

చాలా వరకు పెద్దది కాదు, నిజమే. కానీ రోజుల తరబడి తేలని ఆ ఇద్దరి వంటివారి సంగతి ఏమిటి? ఈసారి వారికి రెండోది చేరింది కాబట్టి ఇబ్బంది రాలేదు. కొత్త పద్ధతిలో ఆ రెండో ప్రయత్నమే ఉండదు. దాణా కొనుక్కోవలసిన రైతు కేంద్రానికి వచ్చి నిలబడితే సంఘం అధ్యక్షుడు తన చేతి నుంచి నగదు ఇచ్చేస్తారు. గతంలో చాలాసార్లు అలా జరిగింది.

---

లెడ్జర్_లలిత (బుధవారం, మధ్యాహ్నం 3:00)

ఆ నగదు కూడా రీట్రైయే, మీ ఇండెక్స్ కంటికి కనిపించని రీట్రై. ఇవ్వవద్దని నేను అనను, పాలు పోసిన మనిషిని వారం రోజులు తిప్పడం కూడా న్యాయం కాదు. కానీ దాన్ని బిల్లు చెల్లింపుగా కాక, ఆ సభ్యుడి పేరిట అడ్వాన్సుగా రాయండి. పాత లావాదేవీ చేరినట్టు తేలితే అడ్వాన్సు తదుపరి బిల్లులో తెగుతుంది. వెనక్కి వస్తే, బిల్లును అడ్వాన్సుతో సరిచేసి మూసేయండి, మళ్లీ పంపకండి.

---

కోడ్‌గోదావరి (బుధవారం, సాయంత్రం 5:25)

దీనితో మాత్రం నేను ఏకీభవించలేను. అడ్వాన్సు అంటే సంఘం తన డబ్బును ప్రమాదంలో పెట్టడమే. లావాదేవీ చేరింది, అడ్వాన్సూ తీసుకున్నారు, తరువాత ఆ రైతు పాలు పోయడం మానేస్తే ఎవరిని అడుగుతారు? ఆలస్యం ప్రొవైడర్ వల్ల జరిగినప్పుడు, ఆ నష్టాన్ని భరించే నియమాన్ని ఒప్పందంలోనే రాయించుకోవాలి.

---

పాలకేంద్రం_కోడర్ (శుక్రవారం, రాత్రి 8:15)

గోదావరి గారి భయం ఊహ కాదు, మాకు ఇప్పటికే ఎదురైంది. అదనంగా జమ అయిన సొమ్మును బ్యాంకు మా మాట మీద వెనక్కి తీసుకోదు, ఖాతాదారు ఒప్పుకోవాలి. 31 మందిలో ఇరవై అయిదుగురు తదుపరి బిల్లులో తగ్గించుకోమని సంతకం చేశారు. మిగిలిన ఆరుగురి గేదెలు వట్టిపోయాయి, ఈ సీజనులో వారు పాలు పోయరు కాబట్టి తగ్గించడానికి బిల్లే ఉండదు. వారిలో ఇద్దరు నగదు తెచ్చి ఇచ్చారు, నలుగురు ఈనిన తరువాత చూసుకుందామన్నారు. అధ్యక్షుడు సరేనన్నారు. అడ్వాన్సు సంగతి ఆదివారం పాలకవర్గం ముందు పెడతాం. అక్కడ ఏమంటారో చూడాలి.

ప్రాసెసింగ్‌లో నిలిచిపోయిన ఆ రెండింటిలో ఒకటి బుధవారం రాత్రి చేరినట్టు తేలింది. ఆ సభ్యుడికి కూడా డబుల్ పడినట్టే, అంటే లెక్క 32కు చేరింది. మరొకటి గురువారం వెనక్కి వచ్చింది, మా స్టేట్‌మెంటులో క్రెడిట్ ఉంది.

కొత్త కోడ్‌ను నిన్న ప్రొవైడర్ టెస్ట్ ఖాతాలో పెట్టి, ప్రాక్సీలో కావాలనే జవాబులను నలభై సెకన్లు ఆపి చూశాం. ఇరవై బిల్లులకు ఇరవై చెల్లింపులే జరిగాయి. వాటిలో పంతొమ్మిదిటికి వెబ్‌హుక్ ద్వారానే స్థితి తేలింది, ఒకదానికి మాత్రం ఒకటిన్నర నిమిషానికి వేసిన ప్రశ్న పనికొచ్చింది. వివరణ గడిలోంచి సమయాన్ని తీసేశాం.

"దొరకలేదు" అన్న జవాబును ఎంతసేపటి తరువాత నమ్మవచ్చో, కీని ఎన్ని గంటలు నిలిపి ఉంచుతారో ప్రొవైడర్‌ను మంగళవారమే అడిగాను. కీ గురించి జవాబు వచ్చింది. మొదటిదానికి మాత్రం "సాధారణంగా వెంటనే" అని రాశారు. సంఖ్య కావాలని మళ్లీ రాశాను. అది వచ్చేదాకా మా దగ్గర 404 కూడా `UNKNOWN`గానే ఉంటుంది.

---

సర్వర్_సాంబ (శుక్రవారం, రాత్రి 9:40)

మా దగ్గర "దాదాపుగా" ఆగిపోయాయన్న ఫిర్యాదులను ఈ వారం తిరగేశాను. పెంచిన తరువాత కూడా మూడు ఉన్నాయి, మూడూ 120 సెకన్లు దాటినవే. వాటిలో రెండు ఇంకా మా పుస్తకంలో విఫలం అనే ఉన్నాయి. సోమవారం బ్యాంకు స్టేట్‌మెంటు తెప్పించి చూస్తాను.